చీకటి పలక

శనివారం నాటి ప్రదర్శనలో నవ్వు నటుడికంటే ముందు వచ్చింది. అందరి కష్టాలూ అక్కడినుంచే మొదలయ్యాయి.

రిటైరైన స్టేషన్ మాస్టరు వేషంలో కేకీ భరూచా రంగస్థలం మధ్యన నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు నాటకం అనగానే నలభై ఏళ్లుగా గుర్తొచ్చే మొహం. ఆయన తలపైన, తెరకు ఎగువన, వెడల్పాటి నల్లటి పట్టీ ఒకటి వేలాడుతోంది. ఆయన ఇంగ్లీషులో పలికే మాటలకు తెలుగు దాని మీద అక్షరాలై వెలుగుతుంది. లైట్లు చూసే యాదగిరి మొదటిరోజే దానికి 'పలక' అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది.

"నలభై ఏళ్లు ప్రతి బండి ఆలస్యానికీ కారణం రాశాను" అని కేకీ ఇంగ్లీషులో అన్నాడు. తర్వాతి మాటకోసం ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మాట అప్పటికే పలక మీద ఉంది: "టైముకి వెళ్లిపోయింది మా ఆవిడ ఒక్కతే." హాలునిండా ఉన్న డిగ్రీ కాలేజీ పిల్లలు అది చదివి గొల్లుమన్నారు. కేకీ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పలక ఆయనకు కనబడదు కదా. ఒక్క క్షణం ఆలోచించి, తల వంచి, ప్యాంటు బొత్తాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. దానితో రెండో నవ్వు వచ్చింది, మొదటిదానికంటే పెద్దది.

పలకకు తెలుగు రాసి, ముక్కలు చేసి, ప్రదర్శన వేళ మీటలు నొక్కేది సువర్చల. ఆదివారం ఉదయం నాటకకర్త, దర్శకుడు ఆర్నాల్డ్ పీటర్స్ నుంచి ఫోను వచ్చేసరికి ఆవిడ కాఫీ ముందు పెట్టుకుని తాగడం మరిచి కూర్చుంది. మూడు వారాలుగా ఆవిడ నిద్రంతా అరకొరే.

"కేకీ రానంటున్నాడు సువర్చలగారూ. పలకైనా ఉండాలి, నేనైనా ఉండాలి అంటున్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? పలక లేకపోతే నాటకం ఆడొచ్చు. కేకీ లేకపోతే?"

"ఇవాళ మ్యాట్నీకి వచ్చేదెవరో గుర్తుందా?"

ఆర్నాల్డ్‌కు గుర్తుంది. మధ్యాహ్నం మూడింటి ఆట మొత్తం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాళ్లకోసం పెట్టినది. ఆర్నాల్డ్ తండ్రి ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరు. వాళ్ల కథే వాళ్లకు చూపించాలని ఆర్నాల్డ్ పలక పెట్టించాడు. అసలు సువర్చలను పిలిచిందే అందుకు.

"వాళ్లకి కాస్తో కూస్తో ఇంగ్లీషు వస్తుంది కదండీ" అన్నాడు చివరికి.

"కాస్తో కూస్తో వస్తే నాటకం కాస్తో కూస్తో అర్థమవుతుంది. ఆయన్ని పదింటికి హాలుకి రమ్మనండి. నటించక్కర్లేదు. నాతో పోట్లాడ్డానికి రమ్మనండి చాలు."

"పోట్లాటంటే వస్తాడు" అన్నాడు ఆర్నాల్డ్, కొంచెం ప్రాణం లేచొచ్చినట్టు.

సువర్చల హాలు చేరేసరికి యాదగిరి పలక మీదికి అక్షరాలు వేసే ప్రొజెక్టరుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కడుతున్నాడు.

"ఏంటది యాదగిరీ?"

"నిన్న దిష్టి తగిలింది మేడమ్. గంతమంది పోరగాండ్లు ఒక్కపారి నవ్విరి. సార్ పరేషానైండు."

"మిషన్‌కి గాలి పోయే చోట కట్టకు. వేడెక్కి ఆగిపోతే అప్పుడు నిజంగా దిష్టే."

"గట్ల కాదు, పక్కకే కడ్తున్న." కాస్త జరిపి కట్టి, "మీరు నమ్మరు గని, పనిజేస్తది" అన్నాడు.

"చేస్తే మంచిదే. నాకు ఒక చెయ్యి తక్కువైంది ఎలాగూ."

ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి నిన్నటి ముక్క దగ్గరికి వెళ్లింది. నలుపు మీద పాలిపోయిన తెలుపులో రెండు వరుసలు. 'కారణం' ఉన్న వాక్యం పైన, 'మా ఆవిడ' ఉన్నది కింద. నిన్న నవ్వు రాగానే తప్పు ఎవరిదో ఆవిడకు తెలిసింది. ఎందుకు జరిగిందో మాత్రం ఇప్పుడే తెలిసింది.

సువర్చల ఇరవై ఏళ్లు డబ్బింగు సీరియళ్లకు మాటలు రాసింది. అక్కడ పెదవి కదిలినంతసేపే మాట ఉండాలి. పలక పని అలా కాదు. సీరియల్లో మొహం మారదు. ఎన్నిసార్లు వేసినా అదే పెదవి, అదే క్షణం. రంగస్థలం మీది మనిషి రోజుకో రకంగా ఊపిరి తీస్తాడు. అందుకే పలకకు మాట మొత్తం రాయకూడదు. మూడింట ఒక వంతు విడిచిపెట్టాలి. అవును, కాదు, అయ్యో అన్నవాటిని నటుడి మొహానికే వదిలేయాలి. ప్రతి ముక్కా రెండు వరుసలు దాటకూడదు. వరుస ఎక్కడ విరిగినా అర్థం విరగకూడదు. ఒత్తులూ గుడులూ ఒకదానికొకటి తగలకుండా వరుసల మధ్య ఇంగ్లీషుకంటే ఎక్కువ చోటు వదలాలి. అన్నిటికంటే ముఖ్యం, దాచవలసిన మాటను చెప్పవలసిన మాటతో ఒకే ముక్కలో పెట్టకూడదు. ఎందుకంటే కన్ను చెవికంటే తొందరపాటుది. పలక మీద ఉన్నదంతా ఒక్క చూపులో మింగేసి, తర్వాత నటుడికోసం ఎదురుచూస్తుంది.

ఇదంతా తెలిసీ ఆ రెండింటినీ ఆవిడ ఒకే ముక్కలో ఎందుకు పెట్టింది? ముక్కలు చేసింది మొదటిసారి అందరూ కూర్చుని చదివినప్పటి రికార్డింగు విని. ఆ రోజు కేకీ కళ్లజోడు పెట్టుకుని, చేతిలో టీ కప్పుతో, రెండు వాక్యాలూ ఒకే ఊపిరిలో చదివేశాడు. చేతిలో కప్పే గాని స్టేషన్ మాస్టరు టోపీ లేదు, ఎదురుగా దీపం లేదు, జనం లేరు. ఆ ఊపిరి కొలతకే ఆవిడ బట్ట కోసింది. బట్ట ఆయనకు పొట్టిదైంది.

పది దాటాక కేకీ వచ్చాడు. భుజాల మీదుగా పట్టీలు వేసిన ప్యాంటు, ఇస్త్రీ చొక్కా, పోట్లాటకు తయారైన గడ్డం. ముందు వరుసలో కూర్చున్నాడు.

"గుడ్ మార్నింగ్ డిక్రీ" అన్నాడు. 'కూతురా' అన్న అర్థంలో అది ఆయన గుజరాతీ పిలుపు. కోపంలో కూడా ఆ పిలుపు మానడు. "నన్ను చూసి నవ్వారు. నలభై ఏళ్లలో ఏడిపించాను, నవ్వించాను, నిద్రపుచ్చాను కూడా. నన్ను చూసి నవ్వడం మాత్రం నిన్ననే."

"మిమ్మల్ని చూసి కాదు సార్. పలక చూసి."

"ఆర్నాల్డ్, ఈమె నన్ను ఓదారుస్తోంది."

"ఓదార్చడం నాకు రాదు సార్. మా ఇంట్లోవాళ్లని అడగండి. మీరు చెప్పింది నిజమో, నేను చెప్పింది నిజమో పరీక్ష పెట్టుకుందాం."

ఆర్నాల్డ్ నెత్తి పట్టుకున్నాడు. "ఈ వేళప్పుడు పరీక్షలేంటండీ?"

"అరగంట. అందులో మీ పని కుర్చీలో కూర్చోడమే."

హాలు ఊడ్చేవాళ్లు, క్యాంటీన్లో పనిచేసేవాళ్లు, టికెట్లు చూసేవాళ్లు కలిపి పదిహేనుమంది దాకా తేలారు. సువర్చల ఇంగ్లీషు రానివాళ్లనే ఏరింది. వాళ్లను రెండు జట్లు చేసి, రెండో జట్టును బయట కూర్చోబెట్టి తలుపు మూయించింది.

"అందర్నీ ఒకేసారి పిలవచ్చుగా?" అన్నాడు ఆర్నాల్డ్.

"ఒకసారి చూసినవాళ్లు రెండోసారి నవ్వితే ఎందుకు నవ్వారో మనకెలా తెలుస్తుంది?"

మొదటి జట్టు ముందు పలక ఆర్పేసింది. కేకీ స్టేజీ ఎక్కి, టోపీ చేత్తో పట్టుకుని, ఆ రెండు వాక్యాలూ ఇంగ్లీషులో చెప్పాడు. అలవాటు కొద్దీ బాగానే చెప్పాడు. క్యాంటీన్ భాగ్యమ్మ శ్రద్ధగా చూసింది. పక్కనున్నామె ఆవలించింది. ఎవరూ నవ్వలేదు.

"బొత్తాలు చూసుకోండి సార్" అంది సువర్చల వెనకనుంచి.

కేకీ కళ్లెర్రజేసి చూసుకున్నాడు. అప్పుడూ ఎవరూ నవ్వలేదు. భాగ్యమ్మ మాత్రం "పెద్దాయనకి ఏమైంది పాపం" అంది.

రెండో జట్టు వచ్చింది. ఈసారి కేకీ ఏమీ మాట్లాడకూడదు. నిలబడాలి, అంతే. నిన్నటి ముక్క యథాతథంగా పలక మీద వెలిగింది. ఒక్క క్షణం చదువుకునే నిశ్శబ్దం. ఆ తర్వాత టికెట్ల సాంబయ్య కిసుక్కుమన్నాడు. వెనకే అందరూ. ఊడ్చే అమ్మాయి పక్కదాని భుజం మీద కొట్టి, "గా ముసలామె తెలివిగల్లది, సక్కగ టైముకు పోయింది" అంది.

కేకీ మెడ వెనక్కి వంచి, తల పైకెత్తి, పలక వైపు చూసే ప్రయత్నం చేశాడు. కింద నుంచి అది ఆయనకు నల్లటి అంచులాగే కనబడుతుంది. చాలాసేపు అలాగే చూశాడు.

"బాగుంది" అన్నాడు చివరికి. "నన్ను చూసి నవ్వలేదు. ఒప్పుకున్నాను." మెట్లు దిగి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. "నేను నోరు విప్పకుండానే నవ్వారు. అయితే డిక్రీ, మరి నేనెందుకు?"

సువర్చల పరీక్ష నెగ్గింది. నెగ్గినట్టు మాత్రం అనిపించలేదు. ఆయనను నిన్నటి అవమానం నుంచి తప్పించబోయి, ఇంకో గోతిలోకి తోసినట్టయింది. ఆయన పక్క కుర్చీలో కూర్చుంది.

"ఆ జట్టు ముందు మీరు కాదు, ఎవరు నిలబడినా నవ్వేవాళ్లే" అంది. "ఒక కుర్చీ పెట్టినా నవ్వేవాళ్లు. తప్పు నాది. మీ మాట మీకంటే ముందు నేను చెప్పేశాను. కోయాల్సిన చోట కోయలేదు. రెండు ముక్కలు చేస్తాను. మధ్యలో పలక చీకటిగా ఉంటుంది. రెండోది మీరు చెప్పేటప్పుడే వెలుగుతుంది. కానీ మీరు ఎప్పుడు చెప్తారో నాకు తెలియాలి."

"నేనే ఎరగను. అప్పుడు రావాలనిపిస్తే అప్పుడొస్తుంది."

"ఊపిరి చూసి పట్టుకుందామంటే నేనుండే గది హాలు చివర. మీ ఛాతీ కనబడదు. ఏదైనా గుర్తు కావాలి. ఒక్కటి చాలు. మిగతా నాటకమంతా మీ ఇష్టం."

కేకీ టోపీని చేతిలో తిప్పాడు. "దీన్ని కింద పెట్టాక చెప్తాను."

"ప్రతిసారీ?"

"డిక్రీ, పెళ్లిలో కూడా నేను ఇంత గట్టి మాట ఇవ్వలేదు."

"మరి టోపీ దిగకపోతే?"

"నువ్వే చెప్పు. దిగకపోతే?"

"పలక వెలగదు."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా."

కేకీ ఆవిడ మొహంలోకి చూశాడు. నాటకాలవాళ్లు ఇచ్చే మాటలు ఎంతవరకు నిలుస్తాయో తెలిసినవాడి చూపు. "సరే. మేకప్ మనిషిని పిలవండి" అన్నాడు.

ఆ ముక్కను విరవడంతో పని అయిపోలేదు. ఒకచోట కోత తప్పితే అదే రికార్డింగుతో కోసిన మిగతా చోట్లన్నీ అనుమానమే. మధ్యాహ్నమంతా సువర్చల కేకీ మాటలున్న ప్రతి పుటా తిరగేసి, నవ్వు దాగినచోట, ఏడుపు దాగినచోట, కబురు దాగినచోట ముక్కలు విరిచి, మధ్యన నల్లవి చేర్చింది. మెడ పట్టేసింది. భాగ్యమ్మ తెచ్చిన ఉప్మా చల్లారిపోయింది. తెలుగులో క్రియ చివర రావడం ఒక మేలు. దాచవలసినదాన్ని వాక్యం కొసన కట్టేయొచ్చు. కానీ ఇంగ్లీషు నటుడు ఆ మాటను మొదట్లోనే అనేస్తే ఆ మేలు కీడవుతుంది. అప్పుడు వాక్యాన్ని తిరగేసి రాయాలి. తిరగేసినవి రెండో వరుస దాటిపోతే మళ్లీ కత్తిరించాలి. ముక్కల అంకెలన్నీ మారిపోయాయి కనుక ప్రతి పుట అంచునా పెన్సిలుతో కొత్త అంకెలు వేసుకుంది.

మూడింటికి హాలు నిండింది. నెరిసిన తలలు, ఊతకర్రలు, నలిగిన ఖద్దరు చొక్కాలు. కొందరు భార్యల్ని తెచ్చారు. మూడో వరుసలో ఒకాయన మెడలో పాత గార్డు విజిల్ వేసుకొచ్చాడు, ఎందుకో.

మొదటి అంకం సాఫీగా సాగింది. పలక కేకీ వెనకే నడిచింది, కొంగు పట్టుకున్న పిల్లలా. నవ్వులు పడవలసినచోట పడ్డాయి. సువర్చల వేలు మీట మీదే ఉంది. ఒక కన్ను పుట మీద, ఒక కన్ను మనిషి మీద. ఆర్నాల్డ్ ఆవిడ వెనక నిలబడి గోళ్లు కొరుకుతున్నాడు. యాదగిరి ఒకసారి నిమ్మకాయ వైపు, ఒకసారి ఆవిడ వైపు చూసి కళ్లతోనే 'చెప్పలే?' అన్నాడు.

రెండో అంకంలో ఆ చోటు వచ్చింది. మూతపడిన స్టేషన్లో స్టేషన్ మాస్టరు ఒక్కడే. కూతురు వేషం వేసిన అమ్మాయి పెట్టె తేవడానికి లోపలికి వెళ్లింది. ఆమె తిరిగి రావాలంటే ఈయన ఆ మాట అనాలి.

"నలభై ఏళ్లు ప్రతి బండి ఆలస్యానికీ కారణం రాశాను." కేకీ అన్నాడు. పలక వెలిగింది. జనం చదివారు. సువర్చల మీట నొక్కింది. పలక చీకటైంది.

కేకీ టోపీ తీశాడు. చేతిలో పట్టుకున్నాడు. పెట్టలేదు.

మామూలుగా తీసుకునే ఊపిరి దాటిపోయింది. ఇంకో ఊపిరి. ఆయన టోపీ లోపలికి చూస్తున్నాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు. హాల్లో ఎవరో దగ్గారు.

"మర్చిపోయాడు" అన్నాడు ఆర్నాల్డ్ గొంతు నొక్కిపెట్టి. "ముక్క వెయ్యండి."

సువర్చల వెయ్యలేదు.

"సువర్చలగారూ, వెయ్యండి. వాళ్లు నవ్వుతారు, ఆ నవ్వు వినగానే మాట అయిపోయిందని ఆయనకి అర్థమవుతుంది, అమ్మాయి వచ్చేస్తుంది, నాటకం గట్టెక్కుతుంది."

అదంతా నిజమే. ఆవిడకు తెలుసు. ఉదయం తను చేసిన పరీక్షే సాక్ష్యం. ఒక్క మీట నొక్కితే ఆ మాట కేకీ లేకుండానే హాలంతా చేరుతుంది. ఆయన మర్చిపోయాడో, ఆగాడో ఇంత దూరం నుంచి చెప్పగల కొలత ఏదీ లేదు. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి. మర్చిపోయి ఉంటే, వెయ్యకపోవడం ఆయనను ఇంతమంది ముందు ముంచడమే. ఆగి ఉంటే, వెయ్యడం ఆయన నోట్లోది లాక్కోవడం.

"టోపీ దిగలేదు" అంది.

"టోపీ సంగతి నా తలకాయ! వెయ్యండి!" ఆర్నాల్డ్ చెయ్యి ఆవిడ భుజం మీదుగా మీటకోసం వచ్చింది. సువర్చల ఎడమ చేత్తో దాన్ని పక్కకు నెట్టింది. గట్టిగా కాదు, ఈగను తోలినట్టు. అంతకంటే ఓపిక లేదు.

హాలు ఇప్పుడు పలక చూడటం లేదు. చూడ్డానికి అక్కడేమీ లేదు. అన్ని తలలూ కిందికి దిగాయి, చేతిలో టోపీతో ఉన్న ముసలివాడి మీదికి. చదవడానికి ఆయన మొహం తప్ప మరేమీ మిగల్లేదు వాళ్లకు.

కేకీ కదిలాడు. రోజూ టోపీ పెట్టే బల్ల దాకా వెళ్లలేదు. పక్కన ఖాళీ కుర్చీ ఉంది. కథలో భార్య ఒకప్పుడు కూర్చునే కుర్చీ. దాని మీద టోపీ పెట్టాడు, నెమ్మదిగా, ఎవరినో లేపకూడదన్నట్టు. అప్పుడన్నాడు. సువర్చల వేలు ఆయన మాటతో పాటే దిగింది.

టైముకి వెళ్లిపోయింది మా ఆవిడ ఒక్కతే.

ఎవరూ నవ్వలేదు. ఒక్కరంటే ఒక్కరు. మూడో వరుసలో విజిల్ వేసుకున్నాయన "నిజమే బాబూ" అన్నాడు, ఇంట్లో మాట్లాడుకున్నట్టు. పక్కనున్నవాళ్లు ఆయన వైపు తిరగలేదు కూడా.

కూతురు పెట్టెతో వచ్చింది. నాటకం ముందుకు సాగింది.

ఆట ముగిశాక ఆర్నాల్డ్ గదిలోకి వచ్చి గోడకు ఆనుకున్నాడు. "నాటకంలోకెల్లా మంచి నవ్వు పోయింది" అన్నాడు. కోపంగా కాదు, లెక్క చూసుకున్నట్టు. గుమ్మం దగ్గర తిరిగి, "మా నాన్న ఉంటే ఆయనా నవ్వేవాడు కాదు అక్కడ" అని వెళ్లిపోయాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఇన్ని రోజుల్లో కేకీ ఈ గది దాకా ఎక్కి రావడం ఇదే మొదలు. సగం మేకప్ తుడిచిన మొహంతో గుమ్మంలో నిలబడి ఆయాసం తీర్చుకున్నాడు.

"ఇక్కణ్ణించా నువ్వు నన్ను చూసేది? అగ్గిపుల్లంత ఉంటానేమో."

"టోపీ కనబడుతుంది సార్. అది చాలు."

"ఆర్నాల్డ్ నిన్ను వెయ్యమన్నాడట."

"అన్నారు."

కేకీ తలూపాడు. ఆవిడ నోరు తెరిచి అడగకుండానే, అడగదలచుకున్నదేమిటో ఆయనకు అర్థమైంది.

"ఆగానా, మర్చిపోయానా అని కదా? చెప్పను. పరీక్షలు పెట్టేదానివి, నువ్వే తేల్చుకో."

"తేలదు సార్. ఒక్కసారి జరిగినదాన్నుంచి ఏమీ తేలదు."

"అయితే మళ్లీ చూడాలి." ఆయన తలుపు పట్టుకుని వెనుదిరిగి, మళ్లీ ఆగాడు. "రేపు సాయంత్రం ఆట ఉంది కదా. మొదటి అంకంలో నేను సిగ్నల్ దీపాన్ని గుడ్డతో తుడిచే చోట ఇవాళ నీ అక్షరాలు నా ముందు పరిగెత్తినట్టనిపించింది. జనం తలలు పైకి లేచాయి. అక్కడ కూడా కాస్త చీకటి పెడతావా?"

"అక్కడ మీరు ఒక్కోరోజు ఒక్కోలా తుడుస్తున్నారు."

"అవును."

"గుర్తు కావాలి."

కేకీ ఆలోచించాడు. "గుడ్డ మడతపెట్టాక" అన్నాడు. "అదొక్కటే. ఇంకోటి అడగకు." మెట్లు దిగుతూ ఏదో పాట కూనిరాగం తీశాడు.

యాదగిరి నిమ్మకాయ విప్పి జేబులో వేసుకున్నాడు. "జూసిన్రా మేడమ్? పనిజేసింది."

"చేసిందే అనుకో" అంది సువర్చల. మూసిన ల్యాప్‌టాప్‌ను మళ్లీ తెరిచి, దీపం ఉన్న ముక్క వెతుక్కుంటూ, పెన్సిలుకోసం చెయ్యి చాచింది.